పడుకుని చూడండి: పరుపు ప్రకటన స్క్రిప్టు
(2 నిమిషాలు, యూట్యూబ్‌కీ శ్రీకాకుళం లోకల్ కేబుల్‌కీ)

యూనిట్‌కి ముందుగా: ఇందులో తెల్ల ఈకలు ఎగరవు, ఎవరూ స్లో మోషన్‌లో పరుపు మీదకి వాలరు. మెత్తదనం తెర దాటి రాదు. కంటికి కనబడేవి మాత్రం మూడున్నాయి: వెన్ను వంగడం, నీళ్లు తొణకడం, పొగ దూరడం. అవే తీద్దాం. ప్రతి పరీక్షా ఒకే షాట్. ఫలితం ఎలా వస్తే అలాగే ఉంచుతాం, మనకి నచ్చేదాకా మళ్లీ మళ్లీ తీయం.

దృశ్యం 1
ఆమదాలవలసలో పెంకుటిల్లు, మే నెల మధ్యాహ్నం. గదిలో రెండు మంచాలు పక్కపక్కన. ఒకదాని మీద ఇంట్లోని పాత బూరుగుదూది పరుపు, రెండోదాని మీద మన కాయిర్ పరుపు. నాయనమ్మ కొత్తదాన్ని అరచేత్తో రెండుసార్లు నొక్కుతుంది.

నాయనమ్మ: గట్టిగుందిరా. బాగున్నట్టే ఉంది.
కొడుకు (ఆర్టీసీ డ్రైవరు, బనీనుతో): చేత్తో నొక్కితే ఏటి తెలుస్తాదే అమ్మా? పడుకునేది నడుం కదా.

దృశ్యం 2
ఇక్కడ తొందరపడొద్దు, 40 సెకన్లు ఇవ్వండి. పదేళ్ల కూతురు తండ్రి బనీను మీద, మెడ నుంచి నడుం దాకా, వెన్నుపూస వెంబడి వాళ్లమ్మ ఎర్ర బొట్టుబిళ్లలు వరసగా అంటిస్తుంది. అతను పాత పరుపు మీద పక్కకి తిరిగి పడుకుంటాడు. కూతురు పై బిళ్ల నుంచి కింది బిళ్లకి పురికొస బిగించి పట్టుకుంటుంది. కెమెరా వీపుకి దగ్గరగా: దారం తిన్నగా ఉంది, బిళ్లలు నడుం దగ్గర కిందికి జారాయి. స్కూలు స్కేలు పెట్టి ఆ సందు కొలుస్తుంది. అతను లేచి కొత్త పరుపు మీదకి మారతాడు. మళ్లీ అదే దారం, అదే స్కేలు.

కూతురు: కదలకు నాన్నా!

ఆమె చదివిన అంకె ఎంతయితే అంతే వినబడాలి. డబ్బింగు వద్దు.

తెర మీద, పెద్ద అక్షరాల్లో: పాత పరుపు 12 ఏళ్లది. ఏ కంపెనీ కొత్త పరుపైనా దీని మీద నెగ్గుతుంది.

(ఈ వాక్యం తీసేయమని మార్కెటింగ్ వాళ్లు అడుగుతారు. తీయొద్దు. షరతులు కూడా ప్రకటన భాషలోనే ఉండాలని తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్రం తెచ్చిన 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాబట్టి కింద ఇంగ్లీషులో చీమలబారు వేసి తప్పుకోవడం కుదరదు.)

భార్య కొత్త పరుపు మీద పక్కకి తిరిగి పడుకుని, కాసేపటికి భుజం సర్దుకుంటుంది.
భార్య: నాకు భుజం ఒత్తుతోంది.
గొంతు: నిజమే. కాయిర్ గట్టిది. సన్నగా ఉండి పక్కకి తిరిగి పడుకునేవారు పైన రెండంగుళాల లేటెక్స్ పొర ఉన్నది చూడండి.

దృశ్యం 3
తెల్లవారుజాము. మొదటి బస్సు డ్యూటీ. భార్య లేటెక్స్ పొర ఉన్న పరుపు మీద నిద్రలో ఉంది. ఆమె పక్కన పలక మీద అంచుదాకా నీళ్లు పోసిన స్టీలు గ్లాసు. అతను లేచి, చొక్కా తొడుక్కుని వెళ్తాడు. కెమెరా గ్లాసునే చూస్తుంది. చుక్కలు పడితే పడనీ. సంగీతం లేదు, ఫ్యాను చప్పుడొక్కటే.

గొంతు: నీళ్లెంత కదిలాయో మీరే చూశారు.

దృశ్యం 4
సోంపేట దగ్గర కొబ్బరి పీచు ఆరబెట్టిన కళ్లం. పీచు మీద రబ్బరు పాలు చల్లి, వేడిలో గట్టిపరచి పలకలు చేస్తారు. అది రెండు మూడు సెకన్లు చాలు. ఉద్దానం తోటల్ని 2018 తిత్లీ తుపాను పడగొట్టిన దృశ్యాలు మన దగ్గరున్నా వాడొద్దు. ఆ కష్టం చూపించి పరుపు అమ్మకూడదు.

నాయనమ్మ కోసిన కాయిర్ పలక కింద సాంబ్రాణి పొగ పెడుతుంది. పొగ పలకలోంచి పైకి దూరి వస్తుంది.

నాయనమ్మ: ఓలమ్మో, పొగ ఇట్నుంచొస్తంది!
గొంతు: పొగ దూరినట్టే గాలీ దూరుతుంది. అంతమాత్రాన పరుపు చల్లబడదు. మే నెల ఉక్కలో ఫ్యాను మీకు ఎలాగూ కావాలి.

దృశ్యం 5
తండ్రీకూతుళ్లు పరుపుని తల వైపు కాళ్ల వైపు మార్చి వేస్తారు. మూలన కుట్టిన చీటీ మీద కంపెనీ పేరు కనబడుతుంది, గొంతు దాన్ని చదవదు.

గొంతు: కాయిర్ ఏళ్ల మీద నడుం దగ్గర కుంగుతుంది. నెలకోసారి ఇలా తిప్పితే ఆ కుంగడం నెమ్మదిస్తుంది, ఆగిపోదు.

దృశ్యం 6
శ్రీకాకుళంలో దుకాణం. చెప్పులు విడిచి ఒకాయన పరుపు మీద పడుకుని ఉన్నాడు, సేల్స్ కుర్రాడు దూరంగా కుర్చీలో కూర్చున్నాడు.

గొంతు: మీకెలా ఉంటుందో మేం ఇక్కణ్నుంచి చెప్పలేం. ఇంట్లో మీరు తలకింద పెట్టుకునే దిండు తెచ్చుకోండి. రోజూ ఏ పక్కకి తిరిగి పడుకుంటారో అలాగే పది నిమిషాలు పడుకోండి. నచ్చకపోతే లేచి వెళ్లిపోండి, ఎవరూ వెంటపడరు.