దండీ తీసేటప్పుడు ఏ కండరం ఏం చేస్తుంది?

ఆర్కే బీచ్‌లో పొద్దున్నే మా దగ్గర కొత్తగా చేరినవాళ్లు మొదటి వారంలోనే అడుగుతారు: "సార్, పుషప్ దేనికి?" ఛాతీకి అని చెప్పేయొచ్చు, తప్పు కాదు. కానీ ఆ జవాబు నమ్ముకున్నవాడికి పుషప్ రాదు.

జాలరిపేట దగ్గర పడవను నీళ్లలోకి తోయడం చూసే ఉంటారు. ఒకరిద్దరు గట్టిగా తోస్తారు, పక్కవాళ్లు భుజం వేస్తారు. తడి ఇసుకలో కాళ్లు నిలదొక్కుకోకపోతే మాత్రం పడవ కదలదు, మనిషే వెనక్కి జారతాడు. ఒంట్లో కండరాలు కూడా పనిని ఇలాగే పంచుకుంటాయి. అసలు కదలిక తెచ్చేది ప్రైమ్ మూవర్, అంటే ప్రధాన కండరం. దానికి చేయి అందించేది సహాయ కండరం. మిగతా ఒంటిని కదలకుండా పట్టి ఉంచేది స్టెబిలైజర్.

పుషప్‌లో పైకి లేచేటప్పుడు రెండు కీళ్లు కదులుతాయి. భుజం దగ్గర, వెనక్కి వెళ్లిన పై చేతిని ముందుకు తెచ్చే ప్రధాన కండరం ఛాతీ మీది పెక్టొరాలిస్ మేజర్. భుజం ముందు భాగంలోని డెల్టాయిడ్ దానికి సాయం. మోచేతిని చాపేది పై చేయి వెనకున్న ట్రైసెప్స్. దీన్ని చాలామంది సహాయ కండరాల్లో వేస్తారు. మోచేతి వరకే చూస్తే ప్రధాన కండరం అదే కాబట్టి ఆ పేచీలోకి నేను దిగను. చేతులు దగ్గరగా పెట్టి తీస్తే దాని మీద భారం ఇంకా పెరుగుతుంది.

దిగేటప్పుడు వేరే కండరాలు పనిచేస్తాయని చాలామంది అనుకుంటారు. కాదు, అవే. బావిలోకి చేద దించేటప్పుడు తాడును వదులుతూనే పట్టుకుంటాం కదా, అలా ఛాతీ, ట్రైసెప్స్ సాగుతూనే బరువును ఆపుతాయి. అందుకే దబ్బున పడిపోతే సగం వ్యాయామం పోయినట్టే.

ఇక స్టెబిలైజర్లు. అసలు కథ ఇక్కడే ఉంది. పొట్ట కండరాలు, పిరుదులు కలిసి నడుము కిందికి వేలాడకుండా చూస్తాయి. తొడ ముందు కండరాలు మోకాళ్లను నిటారుగా ఉంచుతాయి. పక్కటెముకల నుంచి వీపు మీది రెక్క ఎముకకు వెళ్లే సెరేటస్ యాంటీరియర్ ఆ ఎముకను పక్కటెముకలకు అదిమి పట్టుకుంటుంది. భుజం కీలు చుట్టూ ఉన్న రొటేటర్ కఫ్ అనే నాలుగు చిన్న కండరాలు గిన్నెలాంటి కీలులోంచి బంతిలాంటి పై చేతి ఎముక తల జారకుండా కాస్తాయి.

మా బ్యాచ్‌లో ఒక కుర్రాడు నాలుగు తీసి, ఐదోదానికి "ఛాతీలో బలం లేదు సార్" అని కూలబడ్డాడు. మర్నాడు అతని వీపు మీద చీపురు కర్ర పెట్టించాను. తల వెనక, వీపు పైన, పిరుదుల దగ్గర కర్ర ఆనాలి. మూడోసారికే నడుము జారింది, కర్రకూ నడుముకూ మధ్య నా అరచేయి మొత్తం దూరింది. ముందు అలసిపోయింది పొట్ట, ఛాతీ కాదు. బీచ్ రోడ్డు పిట్టగోడ మీద చేతులు పెట్టి, పిరుదులు బిగించి తియ్యమంటే పన్నెండు తీశాడు.

చేతులు ఎత్తులో ఉంటే బరువు తగ్గుతుంది మరి. నేల మీద మామూలు పుషప్‌లో ఒంటి బరువులో సుమారు మూడింట రెండు వంతులు, మోకాళ్లు ఆనిస్తే సుమారు సగం చేతుల మీద పడుతుంది. 70 కిలోల మనిషికి అది దాదాపు 47 కిలోలు, 35 కిలోలు.

ఇంట్లోనే పరీక్షించుకోండి. కుడి అరచేతిని గోడకు ఆనించి గట్టిగా తోస్తూ, ఎడమ చేత్తో ముందు ఛాతీ, తర్వాత కుడి చేయి వెనక, చివరికి పొట్ట తాకి చూడండి. మూడూ గట్టిపడి ఉంటాయి, గోడ మాత్రం కదలదు.

ఈ పాత్రలు కండరానికి పుట్టుకతో వచ్చినవి కావు. పుషప్‌లో మోకాలిని పట్టుకుని ఊరికే నిలబడ్డ తొడ కండరమే బస్కీ తీసేటప్పుడు పిరుదులతో పాటు ప్రధాన కండరం అవుతుంది. వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకి లేపే క్రంచ్‌లో పొట్ట ప్రధానం. మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని నిటారుగా ఆపి ఉంచే ప్లాంక్‌లో ఏ కీలూ కదలదు, కాబట్టి అందరూ కాపలాదారులే. కొత్త వ్యాయామం చూసినప్పుడు ఏ కీలు కదులుతోంది, బరువుకు ఎదురుగా ఎటు కదులుతోంది, ఏ భాగం వదులైతే ఆకారం చెడిపోతుంది అని అడగండి. పాత్రలు వాటంతట అవే తేలతాయి.

మొదటి వారం పిట్టగోడ మీదే 8 చొప్పున మూడు సెట్లు, మధ్యలో ఒక నిమిషం విశ్రాంతి. ప్లాంక్‌లో 30 సెకన్లు నడుము జారకుండా నిలబడగలిగాక, తక్కువ ఎత్తు మెట్టుకు దిగండి. భుజంలోనో మణికట్టులోనో పొడిచినట్టు నొప్పి వస్తే ఆ రోజుకు ఆపేసి, నాకు చెప్పండి.