గ్రూప్ ఫోటోలో ఎర్ర వ్యాన్ తొలగింపు: అదనపు సమయం ఎందుకు పడుతుందంటే

నమస్కారమండీ,

నిన్న మీరు పంపిన సందేశం చదివాను. ఫోటోలు ఇంట్లో అందరికీ నచ్చాయన్నారు, సంతోషం. అందరూ కలిసి దిగిన పెద్ద గ్రూప్ ఫోటోలో కుడివైపు కనిపిస్తున్న ఎర్ర వ్యాన్‌ను తీసేయమన్నారు. అందుకు ఎనిమిది, తొమ్మిది గంటల అదనపు పని ఉంటుందని నేను ఫోనులో చెబితే, "పైన అడ్డంగా పోయిన కరెంటు తీగను అడగకుండానే తీసేశారు కదా, దీనికి మాత్రం విడిగా ఎందుకు?" అన్నారు. అడగవలసిన ప్రశ్నే. రెండు ముక్కల్లో చెబితే తేలే విషయం కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఆ తీగ సంగతి. తీగకు పైనా ఆకాశమే, కిందా ఆకాశమే. దాని మందం ఫైలులో నాలుగైదు చుక్కలకు, అంటే పిక్సెళ్లకు, మించదు. పక్కనున్న నీలాన్ని హీలింగ్ బ్రష్‌తో దాని మీదికి లాగితే చాలు, రెండు నిమిషాల్లో పోతుంది. మీ చెల్లెలి గారి నుదుటి మీది మొటిమ, చిన్నబాబు చొక్కా మీద పడిన మరక కూడా అటువంటివే. చుట్టూ ఉన్నదే మధ్యలోకి వస్తుంది. మన ఒప్పందంలో "చిన్న సవరణలు" అని రాసుకున్నది వీటి గురించే. వాటికి నేను ఎప్పుడూ విడిగా లెక్క కట్టను.

వ్యాన్ కథ వేరు. ఫోటోలో వ్యాన్‌ను పక్కకు జరిపితే వెనక గోడ బయటపడుతుందని చాలామంది అనుకుంటారు. కెమెరాకు కనిపించినదే ఫైలులో ఉంటుంది. వ్యాన్ వెనక ఉన్న గోడ, కిటికీలో సగం, మెట్ల చివర, వీటిలో ఏదీ ఆ ఫైలులో లేదు. వ్యాన్‌ను చెరిపితే మిగిలేది ఖాళీ. అంటే మీరు అడుగుతున్నది మరక తుడవడం లాంటి పని కాదు, కూలిన గోడను మళ్లీ కట్టి, పాత గోడతో అతుకు కనపడకుండా సున్నం వేయడం లాంటిది.

ఎంత గోడ అంటారా? ఆ ఫోటో అడ్డంగా 6000, నిలువుగా 4000 చుక్కలు. వ్యాన్ అడ్డంగా సుమారు 2400, నిలువుగా 2000 చుక్కల మేర పరచుకుని ఉంది. అంటే 48 లక్షల చుక్కలు. దాని ముందు నిలబడ్డవాళ్ల చోటు తీసేసినా ముప్పై లక్షలకు తక్కువ కాదు. తీగ మొత్తం కలిపి ముప్పై వేలు. అయినా అసలు చిక్కు చోటు ఎంత అన్నదానిలో కన్నా, ఆ చోటు ఎవరెవరిని ఆనుకుని ఉందన్నదానిలో ఉంది.

మీ అమ్మమ్మగారినే చూడండి. ఆవిడ కూర్చున్న కుర్చీకి వీపు వైపు నిలువు పుల్లలున్నాయి. ఆ పుల్లల సందుల్లోంచి ఎరుపు కనిపిస్తోంది. ఒక్కో సందునూ విడివిడిగా కత్తిరించి, అందులో గోడను నింపాలి. అది ఓపిక ఉంటే అయ్యే పని. ఆవిడ జుట్టు మాత్రం ఓపికతోనే లొంగేది కాదు. తెల్లని వెంట్రుకలు గాలికి లేచి, ఎర్రటి వ్యాన్ ముందు ఒక్కొక్కటీ స్పష్టంగా మెరుస్తున్నాయి. ఎరుపు తీసేసి లేత రంగు గోడ పెట్టగానే ఆ వెంట్రుకలు గోడలో కలిసిపోతాయి. పైగా ప్రతి వెంట్రుక అంచునా సన్నటి ఎరుపు ఛాయ అంటుకుని ఉంది. అలాగే వదిలేస్తే ఆవిడ తల చుట్టూ ఎర్రటి గీత గీసినట్టు ఉంటుంది. అడ్డదిడ్డంగా కత్తిరిస్తే తల మీద టోపీ పెట్టినట్టు ఉంటుంది. అందుకే వెంట్రుకలను వేరే లేయరు మీద, సన్నటి బ్రష్‌తో, కొన్నింటిని ఉన్నవి ఉన్నట్టుగా కాపాడి, కొన్నింటిని మళ్లీ గీయాలి. తల చుట్టూ ఉన్న ఆ బెత్తెడు చోటుకే గంటకు పైగా పడుతుంది. నిజం చెప్పాలంటే, మీ ఇంట్లో ఈ ఫోటో చూసేవాళ్లంతా మొదట చూసేది ఆవిడ ముఖాన్నే. అక్కడ తొందరపడటం నాకు ఇష్టం లేదు.

తర్వాత వెలుగు. ఆ సమయంలో ఎండ ఎడమ ముందువైపు నుంచి పడుతోంది. దానివల్ల మూడు సంగతులు జరిగాయి. వరుసలో చివర నిలబడ్డవారి నీడలు వెనక్కి వెళ్లి వ్యాన్ తలుపు మీద పడ్డాయి. వ్యాన్ నీడ వెళ్లి వెనక గోడ మీద, మెట్ల మీద పడింది. ఎండ తగిలిన ఎర్రటి రేకు నుంచి వెలుగు తిరిగి వచ్చి, కుడి చివర నిలబడ్డ మీ మామయ్యగారి తెల్ల చొక్కా చేతికి, చెవి వెనకకు గులాబీ రంగు పులిమింది. వ్యాన్‌ను మాత్రం తీసేసి ఇవన్నీ వదిలేస్తే, చూసేవారికి తప్పు ఎక్కడుందో తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది. గోడ మీద వ్యాన్ ఆకారపు నీడ ఉంటుంది, వ్యాన్ ఉండదు. కాబట్టి ఆ నీడను చెరపాలి. తలుపు మీద పడ్డ మనుషుల నీడలు ఇంకా వెనకనున్న గోడ మీద ఎక్కడ, ఎంత మసకగా పడేవో లెక్క వేసి గీయాలి. చొక్కా తెలుపును మళ్లీ తెలుపు చేయాలి, అదీ బట్ట ముడతలు పోకుండా.

కిటికీ దగ్గర ఇంకో ఇబ్బంది. ఎడమ సగమే కనిపిస్తోంది. దాన్నే తిరగేసి కుడి సగంగా పెట్టవచ్చు కదా అని మీకు తోచవచ్చు, నాకూ మొదట అదే తోస్తుంది. కానీ తిరగేస్తే చట్రం నీడలు కూడా తిరగబడతాయి, ఒకే కిటికీకి రెండు వైపుల నుంచి ఎండ పడినట్టు ఉంటుంది. పైగా గోడ కెమెరాకు కాస్త ఏటవాలుగా ఉంది కాబట్టి దూరం వెళ్లే కొద్దీ ఇటుకల వరుసలు సన్నబడుతూ పోవాలి. ఒకే ఇటుకల ముక్కను క్లోన్ స్టాంప్‌తో పక్కపక్కన అద్దుకుంటూ పోతే పని త్వరగానే అవుతుంది. అయితే ఒక పగుల్ని రెండో చోట చూడగానే మన కన్ను పట్టేసుకుంటుంది.

మీ అబ్బాయి ఫోనులో వేలితో చెరిపి పంపిన ఫోటో కూడా చూశాను. ఫోనులో బాగానే ఉంది, కాదనను. దాన్నే కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే కుర్చీ పుల్లలు కింద కరిగిపోయాయి, మామయ్యగారి మోచేయి గోడలో కలిసిపోయింది, మెట్లు సగంలో ఆగిపోయాయి. ఇందులో మీ అబ్బాయి తప్పేమీ లేదు. అడ్డంగా 1080 చుక్కలున్న తెర మీద 6000 చుక్కల ఫోటోను చూస్తే ఆ లోపాలు కనపడవు. మీరు వేయించదలచినది 36 అంగుళాల వెడల్పు ప్రింటు. అందులో ఒక్కో అంగుళానికి 166 చుక్కలు వస్తాయి, ఫైలులో ఉన్న ప్రతి చుక్కా గోడ మీదికి ఎక్కుతుంది. దగ్గరికి వెళ్లి అమ్మమ్మగారి ముఖం చూసే ప్రతివారికీ ఆ పక్కనే ఉన్న కుర్చీ కూడా కనిపిస్తుంది. ఫోనులో పంచుకోవడానికి మాత్రమే అయితే, మీ అబ్బాయి చేసినది చాలు, నాకు డబ్బు ఇవ్వనవసరం లేదు.

ఆ రోజు వ్యాన్ రాకముందు తీసిన ఫోటోలు వాడుకోలేమా అని కూడా అడిగారు. వెతికాను. గుమ్మం దగ్గర పిల్లలను తీసినవాటిలో గోడ కుడి భాగం కొంత ఉంది. అయితే అవి దూరాన్ని దగ్గరగా చూపే 85 ఎంఎం లెన్సుతో, వేరే చోటు నుంచి తీసినవి, వెనక గోడ మసకగా ఉంది. గ్రూప్ ఫోటో వెడల్పుగా చూపే 35 ఎంఎం లెన్సుతో తీసినది, అందులో గోడ దాదాపు స్పష్టంగా ఉంది. మసకను స్పష్టం చేయలేం. అప్పటికి ఎండ కూడా ఇంకా పైన ఉంది. కిటికీ కుడి సగం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి మాత్రం అవి పనికొస్తాయి, ఊహించి గీయనవసరం లేకుండా.

ఇక గంటల లెక్క. మనుషులను, కుర్చీని, జుట్టును వేరు చేయడానికి మూడు గంటలు. గోడ, కిటికీ, మెట్లు కట్టడానికి మరో మూడు. నీడలు, చొక్కా మీది ఎరుపు కలిపి ఒకటిన్నర. కొత్తగా కట్టిన గోడకు మిగతా ఫోటోలో ఉన్నంత గ్రెయిన్, అంటే సన్నటి ఇసుక లాంటి గరుకుదనం, కలిపి, చిన్న ప్రింటు ఒకటి తీసి చూసి, అందులో దొరికే లోపాలు సరిచేయడానికి ఇంకో గంట. మొత్తం ఎనిమిదిన్నర. ఒప్పందంలో రాసుకున్న గంట ధరకే లెక్క కడతాను. పని పదకొండు గంటలైనా తొమ్మిదికి మించి తీసుకోను, ఏడింటిలో అయితే ఏడింటికే.

తగ్గించుకునే దారులూ ఉన్నాయి. అన్నిటికన్నా మంచిది, మీరు ఆ ఇంటికి ఎవరినైనా పంపి, ఎండ ఉన్న రోజున, మనం గ్రూప్ ఫోటో తీసిన వేళకే, నేను నిలబడ్డ గేటు పక్క చోటు నుంచి ఖాళీ గోడను ఫోటో తీయించడం. ఫోను చాలు. జూమ్ చేయకుండా, ఫోనును ఛాతీ ఎత్తులో నిటారుగా పట్టుకుని, నాలుగైదు తీస్తే నాకు నిజమైన ఇటుకలు దొరుకుతాయి. గోడ పనిలో రెండు గంటలు తగ్గవచ్చు.

రెండోది, వ్యాన్‌ను ఉంచేసి దాని రంగును చంపడం. ఎరుపును బూడిద రంగుకు దింపి, కాస్త చీకటి చేస్తే అది వెనక్కి పోతుంది, చూపు మనుషుల మీద నిలుస్తుంది. దీనికి గంట సరిపోతుంది. నన్ను అడిగితే ఇది చెడ్డ ఎంపిక కాదు. క్రాప్ చేయడం మాత్రం కుదరదు. వ్యాన్‌తో పాటు మామయ్యగారూ, ఆయన పక్కన ఇద్దరూ పోతారు.

వ్యాన్‌ను ఆ రోజే తీయించడానికి మీరు ఎంత తిరిగారో నాకు గుర్తుంది. డ్రైవరు దొరకలేదు, ఎండ వాలిపోతోంది, అమ్మమ్మగారు ఎక్కువసేపు కూర్చోలేరు. ఆగకుండా తీయడమే సరైనదని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆవిడ నవ్వు ఆ ఒక్క ఫ్రేములోనే అలా వచ్చింది.

ప్రింటు మీకు 18వ తేదీకి కావాలన్నారు. ప్రింటుకు, ఫ్రేము కట్టించడానికి నాలుగు రోజులు వదిలితే, ఫైలు నా దగ్గర 14కు పూర్తి కావాలి. మొత్తం తీసేయమంటారా, రంగు తగ్గించమంటారా అన్నది గురువారం సాయంత్రంలోగా చెప్పండి. మొత్తం తీసేయమంటే, మొదటి మూడు గంటల పని అయ్యాక అమ్మమ్మగారి జుట్టు, కుర్చీ ఉన్న భాగాన్ని పెద్దది చేసి మీకు పంపుతాను. అది చూసి వద్దనుకుంటే అక్కడితో ఆపేద్దాం, ఆ మూడు గంటలకే లెక్క. మిగతా ఫోటోల ఫైళ్లు ఈ రాత్రికే పంపుతున్నాను, వాటికి దీనితో సంబంధం లేదు.

ఇట్లు,
మీ ఫోటోగ్రాఫర్