సరఫరా, రవాణా, సిబ్బంది నిర్వహణ: 31 ఏళ్ల సర్వీసు తర్వాత కోనసీమకు తిరిగివస్తున్న ఒక కల్నల్ పరిచయం

2026 జూన్ 30న ఆర్మీ సర్వీస్ కోర్ నుంచి కల్నల్‌గా పదవీ విరమణ చేస్తున్నాను. సైన్యానికి బియ్యం, పప్పు, కూరగాయలు, డీజిల్, కిరోసిన్ కొని, నిల్వ చేసి, చేరాల్సిన చోటికి చేర్చే విభాగం ఇది. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు, రైస్ మిల్లు, కోల్డ్ స్టోరేజీ, రవాణా సంస్థల్లో ఆపరేషన్స్ బాధ్యత కోసం చూస్తున్నాను. మాది పి.గన్నవరం దగ్గర లంక గ్రామం. భీమవరం నుంచి కాకినాడ దాకా ఎక్కడైనా పనిచేస్తాను.

ఇంగ్లీషులో నా ప్రొఫైల్ వేరే ఉంది. దాన్ని రెండు మిల్లులు నడిపే మా మేనల్లుడికి చూపించాను. చివరిదాకా చదివి, "మావయ్యా, హోదాలన్నీ బాగున్నాయి గానీ మీరు రోజూ ఏం పని చేసేవారో తెలియలేదు" అన్నాడు. అది మా సైన్యం వాళ్లందరికీ ఉన్న జబ్బే. అందుకే ఇక్కడ యూనిట్ల పేర్లు, పతకాలు రాయడం లేదు. చేసిన పని రాస్తున్నాను.

బెటాలియన్ అధిపతిగా, 2017–2020

మీ భాషలో చెప్పాలంటే 550 మంది పనిచేసే రవాణా సంస్థకు జనరల్ మేనేజర్ పని. డ్రైవర్లు, మెకానిక్‌లు, వంటవాళ్లు, గుమస్తాలు, వాళ్ల సెలవులు, జీతాల చిక్కులు, పిల్లల బడి సీట్లు, అన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. నేను చేరిన నాటికి వందలో 78 వాహనాలే రోడ్డెక్కే స్థితిలో ఉండేవి. చాలావరకు చిన్న విడిభాగాల కోసం ఆగిపోయినవే. ఏ భాగం ఎన్ని కిలోమీటర్లకు అరుగుతుందో ఏడాది రికార్డులు తిరగేసి లెక్క తీయించి, చెడకముందే తెప్పించి ఉంచాం. బాధ్యత అప్పగించి వచ్చే నాటికి ఆ సంఖ్య 91. కొత్త బండి ఒక్కటీ కొనలేదు.

సైన్యంలో మాట వినక తప్పదు కాబట్టి మనుషులను నడపడం తేలికని బయట అనుకుంటారు. భయంతో వినే డ్రైవరు బ్రేకులో తేడా వచ్చిన సంగతి చెప్పడు. అది తెలిసేసరికి లోయలో ఉంటాం. పొద్దున్నే గ్యారేజీలో టీ గ్లాసుతో అరగంట నిలబడటం నేను ఆ రోజుల్లో చేసుకున్న అలవాటు. తేడాల సంగతి ఎక్కువగా అక్కడే బయటపడేది.

లద్దాఖ్‌లో శీతాకాల నిల్వల బాధ్యుడిగా, 2004–2006

నా ఉద్యోగ జీవితంలో నాకు పని నేర్పిన రెండేళ్లు ఇవి. అప్పట్లో లేహ్‌కు చేరే రెండు రోడ్లూ, శ్రీనగర్ వైపు జోజిలా మీదుగా వచ్చేది, మనాలీ వైపు రోహ్‌తాంగ్ మీదుగా వచ్చేది, మంచు పడితే నెలల తరబడి మూతపడేవి. వేసవిలో దారి తెరిచి ఉన్నప్పుడే చలికాలమంతటికీ కావలసిన తిండి, ఇంధనం కొండ ఎక్కాలి. ఏదైనా మరచిపోతే విమానంలో తెప్పించాలి, లేదా అది లేకుండానే చలికాలం గడపాలి. మా సొంత బండ్లు చాలక ప్రైవేటు లారీలను కిరాయికి తీసుకునేవాళ్లం. లారీ యజమానులతో కిరాయి బేరాలు, ఆలస్యానికి జరిమానాలు, దించేటప్పుడు తూకంలో తేడాలు ఇవన్నీ నేను నడిపించినవే.

ఇక్కడ నా పొరపాటు కూడా రాయాలి. ఒక అక్టోబరు చివర, ఆఖరి కాన్వాయ్‌ని కనుమ దాటించే వరుస నేనే నిర్ణయించాను. కిరోసిన్ ముఖ్యమని పీపాల లారీలను ముందు పంపి, బంగాళదుంపల లారీలు నాలుగింటిని దారిలోని మజిలీలో ఒక రాత్రి ఆపాను. తెల్లారేసరికి దుంపలు రాళ్లయ్యాయి. లేహ్‌లో దించాక, వెచ్చటి గోదాములో రెండో రోజుకి సంచుల కింద నల్లటి నీళ్లు కారాయి. కిరోసిన్ ఒక రాత్రి ఆగితే పాడవదు, దుంప పాడవుతుంది. అంత చిన్న సంగతి తట్టలేదు నాకు. నివేదికలో తప్పు నాదేనని రాశాను. మరుసటి ఏడాది లారీల వరుసను సరుకు విలువను బట్టి కాక, ఏది ముందు చెడుతుందో దాన్ని బట్టి వేశాం. గడ్డి పరుపులు, టార్పాలిన్లు తప్పనిసరి చేశాం. ఆ ఏడాది దుంపలు ఒక్క లారీ కూడా పోలేదు.

చెరువు పట్టుబడి అయ్యాక ప్లాంటు గేటు ముందు వరుసలో నిలబడిన రొయ్యల బండ్లను చూసినప్పుడల్లా నాకు ఆ సంచులు గుర్తొస్తాయి. మొదట వచ్చిన బండి మొదట దిగుతుంది గానీ, ఏ బండిలో మంచు కరిగిపోతోందో ఎవరూ చూడరు. ఈ పని నేను చేయగలను.

కొనుగోళ్లు, బడ్జెట్, శిక్షణ

ప్రధాన కార్యాలయంలో మూడేళ్లు టెండర్లు, గుత్తేదారుల ఒప్పందాలు, ఆడిట్ జవాబులు చూశాను. 2016లో జెమ్ పోర్టల్ వచ్చాక ప్రభుత్వ కొనుగోళ్లు ఆన్‌లైన్‌లోకి మారిన దశలో మా కార్యాలయంలో ఆ మార్పు నా చేతుల మీదుగా జరిగింది. బెంగళూరులో రెండేళ్లు యువ అధికారులకు సరఫరా, నిల్వల పాఠాలు చెప్పాను. 1999 కార్గిల్ యుద్ధంలో కెప్టెన్‌గా ద్రాస్ మీదుగా, శత్రువు ఫిరంగుల గురిలో ఉన్న రోడ్డున, రాత్రిపూట లైట్లార్పి బండ్లు నడిపించాను. దాని గురించి ఇంతకన్నా రాయను.

ఊరి పని

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 17.75 అడుగుల మూడో ప్రమాద హెచ్చరిక దాటినప్పుడు సెలవు మీద ఇంట్లో ఉన్నాను. అధికారిక బాధ్యత ఏమీ లేదు. కాజ్‌వేలు మునిగి లంకలు విడిపోయాయి. ఏ పడవ ఏ రేవు నుంచి ఎన్ని గంటలకు, ముందు గర్భిణులు, తర్వాత పాలు, మందులు, ఆ తర్వాత పశువులకు గడ్డి అని ఒక నోటు పుస్తకంలో గీసి, ఊరి కుర్రాళ్లతో నడిపించాను. ఏటిగట్టు మీదికి చేర్చిన పశువులకు నాలుగు రోజులూ మేత అందింది. ఆ పుస్తకం ఇంకా దాచి ఉంచాను.

చదువు: సైనిక్ స్కూల్ కోరుకొండ, ఖడక్‌వాస్లా ఎన్‌డీఏ, డెహ్రాడూన్ ఐఎంఏ. 1994 డిసెంబరులో కమిషన్. విరమణకు ముందు అధికారులకు ఇచ్చే 24 వారాల బిజినెస్ మేనేజ్‌మెంట్ కోర్సు పూర్తి చేశాను.

నాకు రానివి: సరుకు అమ్మడం, విదేశీ కొనుగోలుదారులతో ధర మాట్లాడటం, జీఎస్‌టీ రిటర్నులు. ఆ పనులు తెలిసినవారు పక్కన ఉండాలి. రొయ్యల కౌంటు చూడటం మాత్రం చిన్నప్పటి నుంచీ వచ్చు.

జీతం విషయంలో మొండిపట్టు లేదు. మొదటి మూడు నెలలు గోదాము, గేటు, గ్యారేజీ స్వేచ్ఛగా తిరిగి చూడనివ్వాలి, ఆ మధ్యలో నేను అడిగే ప్రశ్నలకు మీ పాత ఫోర్‌మన్ విసుక్కోకుండా ఉండాలి. జులై మొదటి వారం నుంచి ఊళ్లోనే ఉంటాను. కార్యాలయంలో ఇంటర్వ్యూకి పిలిచినా వస్తాను. పట్టుబడి జరిగే రాత్రి ప్లాంటు గేటు దగ్గరికి పిలిస్తే ఇంకా సంతోషం.