మా హోల్డాన్‌గాడి పెళ్లి విందులో నా నాలుగు మాటలు

పెద్దలకు, చుట్టాలకు, వెనక వరుసలో కూర్చుని ఫోన్లలో నా వీడియో తీస్తున్న మా హాస్టల్ బ్యాచ్‌కు అందరికీ శనార్థులు.

మామూలుగా మన పెళ్లిళ్లలో తోడు పెళ్లికొడుకు అంటే ఆరేళ్ల పిల్లగాడు. వాడు మాట్లాడడు, మధ్యలోనే నిద్రపోతాడు. ఈసారి ఆ పని నాకు అప్పజెప్పారు కాబట్టి మీకు ఆ అదృష్టం లేదు.

నేను లేచింది ఒక ప్రశ్నకు జవాబు చెప్పడానికి. సంబంధం ఖాయమైన కొత్తలో స్రవంతి నాకు ఫోన్ చేసి, "అన్నా, మీరంతా ఆయనను హోల్డాన్ అని ఎందుకు పిలుస్తారు? అడిగితే నవ్వి ఊరుకుంటున్నాడు" అన్నది. పెళ్లయ్యాక చెప్తా చెల్లే అన్నాను. అయిపోయింది కదా, ఇక వాడు తప్పించుకునేది లేదు.

2018 మేడారం జాతర. మేం అప్పుడు హన్మకొండలో మూడో సంవత్సరం చదువుతున్నాం. శుక్రవారం, అమ్మలిద్దరూ గద్దెల మీద ఉన్న రోజు. జంపన్న వాగులో మునిగి, దర్శనం చేసుకుని, బంగారం సమర్పించి బయటపడేసరికి చీకటి పడింది. ఒంటి మీద తడి బట్టలు, ముక్కు నిండా దుమ్ము, ఎముకలు కొరికే చలి. ఆర్టీసీ వాళ్లు వేసిన తాత్కాలిక బస్టాండ్‌లో కర్రల మధ్య క్యూ ఎంతకీ కదలదు. చివరికి హన్మకొండ బస్సు వస్తే, మన పెళ్లికొడుకు నరేశ్ కిటికీలోంచి తువ్వాల విసిరి మా అందరికీ సీట్లు పట్టాడు. ఆ రాత్రి మేడారంలో సీటు దొరకడమంటే ఏమిటో, అక్కడ నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది.

బస్సు నిండింది. కండక్టర్ "రైట్ రైట్" అన్నాడు. బండి కదిలింది. అప్పుడే నా పక్కనుంచి ఒక కేక.

"హోల్డాన్!"

అచ్చం కండక్టర్ గొంతు. డ్రైవర్ ఇంకో ఆలోచన లేకుండా బ్రేకు తొక్కాడు. నిలబడ్డవాళ్లంతా ముందుకు తూలారు. కేక పెట్టింది మా నరేశ్! క్లాసులో హాజరు పలికితే సార్లకు వినపడని మనిషి.

సంగతేందంటే, ఒక ముసలవ్వ నెత్తిన మూటతో బస్సు వెంట నడుస్తూ, రేకు మీద అరచేత్తో కొడుతూ "ఆపున్రి బిడ్డా" అంటున్నది. వీడు చూశాడు. ఆమె ఇంటివాళ్లు బస్సులో ఉండి ఉంటారు, ఆమె కింద ఉండిపోయిందని అనుకున్నాడు. కండక్టర్ "నువ్వా కండక్టర్, నేనా" అని తిడుతున్నా వినకుండా దిగి, అవ్వను ఎక్కించి, తన సీట్లో కూర్చోబెట్టి, మూట సర్ది, "ఇగ ఏం టెన్షన్ లేదవ్వా" అన్నాడు.

బస్సు మళ్లీ బయల్దేరి బస్టాండ్ దాటింది. అవ్వ కుదురుగా కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, అప్పుడడిగింది: "బిడ్డా, గిది ఏడికి పోతది?"

"హన్మకొండకవ్వా."

"అయ్యో కొడుకా, నాది కరీంనగర్ బస్సు గదరా! గదే అడుగుదామని కొట్టిన."

బస్సులో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మళ్లీ అదే గొంతు: "హోల్డాన్!"

ఈసారి కండక్టర్ తిట్టలేదు, దండం పెట్టాడు. నరేశ్ అవ్వ మూట తన నెత్తికెత్తుకుని దిగాడు. వాడు దిగితే మేం ఎట్లా కూర్చుంటాం? సణుక్కుంటూ మేమూ దిగాం. సీట్లు పోయాయి, బస్సు పోయింది. కరీంనగర్ లైను ఎక్కడో అటు చివరన ఉంది. వెతుక్కుంటూ పోతే అక్కడ అవ్వ కూతురు ఏడుస్తూ మైకు దగ్గర నిలబడి ఉంది. తల్లిని చూసి ముందు బాగా తిట్టి, తర్వాత పట్టుకుని ఏడ్చింది. మేం ఇక పోదాం పదరా అంటే వీడు కదలడు. అవ్వ బస్సెక్కి, సీట్లో కూర్చుని, కిటికీలోంచి చేయి ఊపేదాకా నిలబడ్డాడు. అవ్వ మూట విప్పి అమ్మవారి బంగారం ఇంత ముక్క విరిచి వాడి చేతిలో పెట్టింది. మేం హన్మకొండ చౌరస్తాలో దిగేసరికి తెల్లారింది, చాయ్ బండ్లు తెరుస్తున్నారు. మొదటి చాయ్ తాగుతూ నేను పేరు పెట్టాను. మధ్యాహ్నానికల్లా హాస్టలంతా పాకింది.

పేరు పెట్టింది ఎగతాళికే. కానీ ఆ తర్వాత వాడు మారలేదు, దాంతో పేరూ పోలేదు. మెస్సులో ఇద్దరు కొట్టుకోబోతే మధ్యలో నిలబడేది వీడే. కాజీపేట స్టేషన్‌కు పరుగెత్తుతుంటే దారిలో ఎవరి బండో ఆగిపోయిందని తోయడానికి ఆగేది వీడే. ఆ రోజు రైలుకు మాత్రం హోల్డాన్ పనిచేయలేదు.

ఒక్క మాట మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. ఫైనలియర్‌లో మా బాపుకు పానం బాగలేక ఆస్పత్రిలో పడ్డాడు. నర్సంపేటలో మా కిరాణా దుకాణం చూసేవాళ్లు లేరు. ఇక చదువు చాలనుకుని బ్యాగు సర్దుకున్నాను. హాస్టల్ గేటు దగ్గర వీడు ఎదురొచ్చి, "హోల్డాన్. పరీక్షలు నువ్వు రాయి, దుకాణం నేను చూస్తా" అన్నాడు. చూశాడు కూడా. తన పరీక్ష ఉన్న రోజున వచ్చి రాసి, సాయంత్రం బస్సుకు మళ్లీ పోయేవాడు. కాకపోతే కిలో పెసరపప్పు అడిగినవాళ్లకు తూకం వేసి, పైన ఇంకో గుప్పెడు కొసరు పోసేవాడట. బాపు కోలుకుని లెక్కలు చూసుకుని, "ఈ పిలగాడు ఇంకో నెలుంటే మనం దుకాణం అమ్ముకునుడే" అన్నాడు. అదిగో, మూడో వరుసలో కూర్చుని నవ్వుతున్నది ఆ బాపే. ఇప్పటికీ నేను ఇంటికి పోతే ముందు నన్ను అడగడు, "హోల్డాన్ మంచిగున్నడా?" అంటాడు.

ఇక స్రవంతి, నీకు తెలిసిన ముచ్చటే ఒకటుంది, మిగతావాళ్లకు తెలియదు. మాటలయ్యాక రెండు వైపులా పెద్దలు ముహూర్తం దగ్గర్లోనే చూద్దామన్నారు. హాలు కూడా దొరికింది. నీ బీఈడీ పరీక్షలు ఆ నెలలోనే అని నువ్వు మొహమాటపడి చెప్పలేదు. మీ తమ్ముడి నోట విన్నాడు వీడు. పెద్దల మధ్యలో లేచి "పరీక్షలైనంక పెట్టుకుందాం" అన్నాడు. వాళ్ల పెద్దనాయన కోపానికొస్తే వారం రోజులు ఆయన వెంటే తిరిగి ఒప్పించాడు. ఆ కథ విన్నప్పుడు నాకు మేడారం బస్సే కళ్ల ముందుకొచ్చింది. ఈసారి మాత్రం బస్సు కరెక్టే!

ఒక జాగ్రత్త చెప్తా చెల్లే. వీడితో సినిమాకు పోవాలంటే ఆట మొదలయ్యే టైము గంట ముందుకు చెప్పు. దారిలో ఎవరో ఒకరు చేయి ఊపుతారు, వీడు బండి ఆపుతాడు. కోపం రావడం న్యాయమే, మాకు రోజూ వచ్చేది. అయినా అందరం వాడి వెంటే దిగేవాళ్లం.

ఇగ చాలు. అక్కడ బగారా అన్నం మూత తీశారు, వాసన ఇక్కడిదాకా వస్తున్నది, మా బ్యాచ్ చూపులన్నీ అటే ఉన్నాయి. చేతిలో బాదం పాలున్నవాళ్లు బాదం పాలు, కూల్‌డ్రింక్ ఉన్నవాళ్లు కూల్‌డ్రింక్ ఎత్తండి. నరేశ్, స్రవంతి, మీరిద్దరూ సల్లగుండాలి. పోయిన ప్రతి ఊళ్లో మీకు మంచి మనుషులు ఎదురుకావాలి.

హాస్టల్ బ్యాచ్, గొంతులు సవరించుకోండి. వాడికి ఈ మాట చెప్పే చాన్సు మనకు ఎప్పుడూ ఇవ్వలేదు. అందరం ఒక్కసారి గట్టిగా:

రైట్ రైట్!