చీటీ తీసి ఒక్క నిమిషం: తొమ్మిదో తరగతికి మాట్లాడే పాఠం

విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. తొమ్మిదో తరగతి, 24 మంది. శనివారం మధ్యాహ్నం చివరి రెండు పీరియడ్లు కలిపి 90 నిమిషాలు. ఒక్కొక్కరు ఒక చీటీ తీసి, దాని మీదున్న అంశం గురించి ఒక్క నిమిషం మాట్లాడతారు, విన్నవాళ్ళు ఒక చిన్న ఫారం నింపి వాళ్ళకి ఇస్తారు. ఇదే పాఠం మిగతా సెక్షన్లలో చెప్పబోయే టీచర్లు చేతిలో పెట్టుకుని నడపడానికి వీలుగా రాశాను.

ముందుగా ఒక మాట

ఈ వయసు పిల్లలకి మైకంటే భయం లేదు. ఎదురుగా కూర్చున్న తోటి మొహాలంటే భయం. వినేవాళ్ళకి చేతిలో పని లేకపోతే పక్కవాడిని మోచేత్తో పొడుస్తారు, గుసగుసలాడతారు. మాట్లాడేవాళ్ళ కంటికి అదొక్కటే కనిపిస్తుంది. అందుకే ఈ 90 నిమిషాల్లో సగం పని వినేవాళ్ళదే.

వినేవాళ్ళు నింపడానికి రెండేళ్ళ కిందట నేను చేసిన ఫారంలో "లోపాలు" అని ఒక గడి ఉండేది. ఒకమ్మాయి చక్కగా మొదలుపెట్టి మూడో వాక్యం దగ్గర ఆగిపోయింది. ఐదుగురు ఆ గడిలో "చేతులు వణికాయి" అని రాశారు. ఆ అమ్మాయి కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి, చిన్నగా మడిచి, పౌచ్‌లో పెట్టుకుంది. తరవాత రెండు శనివారాలు బడికి రాలేదు. వాళ్ళు రాసింది అబద్ధం కాదు, కానీ దానివల్ల ఆమెకి ఒరిగిందేమీ లేదు. చేతులు వణుకుతున్నాయని ఆమెకి తెలుసు. ఆమె ఏం చెప్పిందో మాత్రం ఒక్కరూ రాయలేదు. ఆ గడి తీసేసి, ఫారం మొత్తం మళ్ళీ రాశాను.

సిద్ధం చేసుకోవలసినవి

చీటీలు 12, నాలుగు గ్రూపులకి నాలుగు సెట్లు. ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి రాసిన ఫారాలు వంద. గ్రూపుకొక ఆకుపచ్చ కాగితం, ఒక ఎర్ర కాగితం, సెకండ్లు చూపించే గడియారం. నీళ్ళ సీసాలు.

మొదటి 8 నిమిషాలు: కూర్చోబెట్టడం

ఆరుగురు చొప్పున నాలుగు గ్రూపులు, గది నాలుగు మూలల్లో గుండ్రంగా. స్నేహితులందరూ ఒకే గ్రూపులో పడకుండా రోల్ నెంబర్లని బట్టి విడగొట్టండి. మొదటి రోజే పిల్లల్ని 24 మంది ముందు నిలబెట్టకండి. ఐదుగురి ముందు మాట్లాడగలిగినవాళ్ళు నెల తిరిగేసరికి పాతికమంది ముందు మాట్లాడతారు.

ఇప్పుడు పిల్లలకి ఈ మాటలు చెప్పండి:

"లేచి నిలబడగానే గుండె గబగబా కొట్టుకుంటుంది, నోరు ఎండిపోతుంది, చేతులు వణుకుతాయి. ఒంట్లో అడ్రినలిన్ పెరిగితే ఎవరికైనా అంతే, పరుగు పందెం ముందు కూడా అలాగే ఉంటుంది. నీళ్ళు తాగండి, ఊపిరి నిదానంగా వదలండి. టెన్షన్ పోయేదాకా ఆగకండి, అది ఉండగానే మొదలుపెట్టండి. ఇవాళ మార్కులు లేవు. మీ ఇంట్లో మాట్లాడే తెలుగులోనే మాట్లాడండి. 'ఏటి' అన్నా, 'ఎల్లొస్తాను' అన్నా ఎవరూ సరిదిద్దరు."

మన క్లాసులో నేవీ కుటుంబాల పిల్లలున్నారు. కొందరి ఇంట్లో హిందీ, కొందరి ఇంట్లో ఒడియా. వాళ్ళకి మాట తట్టకపోతే ఇంగ్లీషు మాట వాడుకోనివ్వండి. ఇవాళ్టి పని భాష దిద్దడం కాదు.

తరవాతి 12 నిమిషాలు: ముందు టీచర్ మాట్లాడాలి

ఇది మాత్రం దాటవేయకండి. ఒక పిల్లవాడితో అప్పటికప్పుడు ఒక మాట చీటీ మీద రాయించి, అందరి ముందు విప్పి, 30 సెకండ్లు ఆలోచించుకుని మాట్లాడండి. మీరూ తడబడాలి, అది వాళ్ళు చూడాలి. పోయిన బ్యాచ్‌లో నాకు వచ్చిన చీటీ "తుప్పు". నేను మాట్లాడింది ఇది:

"మా ఇంటి గేటు తెరిస్తే వీధి చివరిదాకా వినిపించేది. కీచుమని. మా ఇల్లు సముద్రానికి దగ్గర. నాన్నగారు ఏటా దసరాకి ముందు గేటుకి రంగు వేయించేవారు, సంక్రాంతికల్లా కీళ్ళ దగ్గర మళ్ళీ ఎర్రగా తుప్పు. చిన్నప్పుడు నాకు ఆ గేటంటే చిరాకు. కాస్త ఆలస్యంగా వస్తే ఇల్లంతా లేచేది. పోయినేడు గేటు మార్చేశాం. కొత్తది చప్పుడు చెయ్యదు. ఇప్పుడు నేను వచ్చానని అమ్మకి తెలియడం లేదు, లోపలికి వెళ్ళి పిలవాలి. అంతే."

దీని మీద ఒక పిల్లవాడు నింపిన ఫారం బోర్డు మీద రాసి చూపించండి:

> నాకు గుర్తుండిపోయింది: కొత్త గేటు చప్పుడు చెయ్యదు కాబట్టి మీరొచ్చినట్టు అమ్మకి తెలియట్లేదు అన్నది.
> బాగా పనిచేసింది, ఎక్కడ: "కీచుమని" అన్నాక ఒక్క క్షణం ఆగారు. అప్పుడు నాకు నిజంగా వినిపించింది.
> ఇంకా వినాలనిపించింది: పాత గేటు ఏం చేశారు?
> వచ్చేసారి ఒక్కటి: చివర "అంతే" అనకుండా, ఆఖరి వాక్యం చెప్పి ఒక క్షణం మా వైపు చూడండి.
> రాసినవారు: రోల్ నెంబరు 14

ఆ నాలుగో గీత నిజంగా నాకు పనికొచ్చింది. నాకు "అంతే" అనే అలవాటుందని అప్పటిదాకా తెలియదు.

మాట్లాడటానికి మూడు వేళ్ళ లెక్క నేర్పండి. బొటనవేలు: ఎక్కడ, ఎప్పుడు, కంటికి కనిపించే ఒక చోటు. చూపుడువేలు: అక్కడ ఏం జరిగింది. మధ్యవేలు: ఆఖరి వాక్యం. ఆలోచించుకునే 30 సెకండ్లలో మధ్యవేలితోనే మొదలుపెట్టాలి. ఎక్కడ దిగాలో తెలిస్తే మధ్యలో దారి తప్పినా ఇబ్బంది లేదు. "అందరికీ నమస్కారం, నా పేరు, నా టాపిక్" అనే మొదలు ఇవాళ వద్దు. సూటిగా ఆ చోటుకి వెళ్ళిపోవాలి: "28వ నెంబరు బస్సు, సాయంత్రం ఐదు, నిలబడటానికి కూడా చోటు లేదు" అన్నట్టు.

చీటీలు

చీటీ మీద పర్యావరణం, క్రమశిక్షణ లాంటి మాట ఉంటే పిల్లలు వ్యాసం అప్పజెప్తారు. వస్తువు, చోటు, మనిషి ఉంటే మాట్లాడతారు. "వేసవి సెలవుల్లో ఎక్కడికి వెళ్ళారు" కూడా పెట్టలేదు. ఎక్కడికీ వెళ్ళనివాళ్ళు క్లాసులో చాలామందే ఉంటారు.

1. బీచ్ రోడ్డులో మురీ మిక్స్చర్ బండి ముందు ఐదు నిమిషాలు
2. కురుసుర సబ్‌మెరైన్‌లో నెల రోజులు ఉండమంటే
3. మా వీధి కుక్క
4. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు గురించి ఇంట్లోవాళ్ళు చెప్పిన ఒక సంగతి
5. అరకు రైలు సొరంగంలోకి వెళ్ళగానే అందరూ ఎందుకు అరుస్తారు
6. సిటీ బస్సులో కిటికీ సీటు
7. ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళకి ఉండే కష్టం, లేదా పెద్దవాళ్ళకి ఉండే కష్టం
8. కరెంటు పోయిన సాయంత్రం
9. మీకొచ్చిన ఒక పని మాకు నేర్పండి: దోసె తిప్పడం, జడ వేయడం, సైకిల్ చైను ఎక్కించడం, ఏదైనా
10. కైలాసగిరి రోప్‌వే మధ్యలో ఆగిపోతే
11. ఒకప్పుడు నచ్చక, ఇప్పుడు నచ్చేది
12. మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా వినని ఒక మాట

నాలుగోది ఇంట్లో ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు, కొందరికి బాధ కలిగించే జ్ఞాపకమూ కావచ్చు. ఏ చీటీ అయినా ఒకసారి మార్చుకోవచ్చు, కారణం అడగకూడదు.

మొదటి రౌండు: 24 నిమిషాలు

ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు: ఆలోచనకి 30 సెకండ్లు, మాటకి 60, రాయడానికి 90, మిగతా నిమిషం చీటీ మార్పిడికి, ఊపిరి తీసుకోవడానికి. కుడిపక్క, ఎడమపక్క కూర్చున్న ఇద్దరే రాస్తారు. ఎదురుగా ఉన్నవాళ్ళు గడియారం చూస్తారు, 40 సెకండ్లకి ఆకుపచ్చ కాగితం, 60కి ఎర్ర కాగితం ఎత్తుతారు. నలుగురిలో మాట్లాడటం సాధన చేయడానికి 1924లో మొదలైన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో అప్పటికప్పుడు మాట్లాడే ఆటకి ఇలాగే రంగులు చూపిస్తారు. వాళ్ళది రెండు నిమిషాల దాకా వెళ్తుంది, మనకి ఒకటి చాలు. ఎర్ర కాగితం లేచినా వాక్యం పూర్తిచేసుకోనివ్వాలి. గంట మాత్రం కొట్టకండి, పిల్లలు ఉలిక్కిపడతారు.

ఎవరైనా ఆగిపోతే "చెప్పు, చెప్పు" అనకూడదు. బుర్రకథలో కథకుడికి వంతలు ఉన్నట్టే ఇక్కడ కుడిపక్కవారు వంత. మాట్లాడేవారి ఆఖరి వాక్యాన్ని మెల్లగా తిరిగి అంటారు: "గేటు మార్చేశారు." సాధారణంగా ఆ ఒక్క వాక్యంతో మాట మళ్ళీ అందుకుంటారు. అప్పటికీ రాకపోతే "ఇక్కడికి ఆపుతాను" అని కూర్చోవచ్చు. ఆ పిల్లలకి కూడా ఫారం తప్పకుండా అందాలి, చెప్పిన రెండు వాక్యాల మీదే రాయాలి.

మొదటి రౌండులో పై మూడు గీతలే రాయాలి. నాలుగోది ఖాళీగా ఉంచాలి.

మన అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం ఉంది కదా, మధ్యలో అడ్డు ప్రశ్నలు వేసే పృచ్ఛకుణ్ణి పెడదామా అని ఒక టీచర్ అడిగారు. నాకూ ఇష్టమే, కానీ ఐదారు వారాల తరవాత. ఇప్పుడే పెడితే ఎక్కువమంది నోరు విప్పరు.

ఫారం గురించి 8 నిమిషాలు

రౌండ్ల మధ్య అందరినీ ఆపి, రాసినవాటిని చూడండి. "సూపర్", "బాగుంది", "కాన్ఫిడెంట్‌గా మాట్లాడాలి" అనేవి కనిపిస్తే ఒకటే అడగండి: "ఏ మాట దగ్గర?" దానికి జవాబు రాస్తే అదే ఫీడ్‌బ్యాక్.

రాయకూడనివి బోర్డు మీద ఉంచండి: ఒళ్ళు, రంగు, బట్టలు, యాస, గొంతు మారడం. ఈ ఏడాది మగపిల్లల్లో చాలామందికి గొంతు విరుగుతోంది, దాని మీద ఒక్క నవ్వు చాలు, ఏడాదంతా నోరు తెరవరు. నవ్వినవాళ్ళని అందరి ముందు తిట్టకండి, పక్కకి పిలిచి చెప్పండి.

ఫారం మీద రాసినవారి రోల్ నెంబరు ఉండాల్సిందే. ఎవరు రాశారో తెలియని కాగితం మీద పిల్లలు కఠినంగా రాస్తారు. నెంబరుంటే ఆలోచించి రాస్తారు.

రెండో రౌండు: 26 నిమిషాలు

అదే గ్రూపు, కొత్త చీటీ. పక్కవాళ్ళు మారేలా కుర్చీలు మార్చుకుని కూర్చోవాలి. ఈసారి నాలుగో గీత కూడా రాయాలి, ఒకే ఒక్కటి, చేయగలిగిన పని. "భయపడకు" అంటే చేయగలిగేది కాదు. "కిటికీ వైపు కాకుండా ఎదురుగా ఉన్నవాళ్ళని చూడు" అంటే చేయగలిగేది.

ఈ రౌండులో మీరు గ్రూపుల మధ్య తిరగండి, కానీ ఎవరి పక్కనా నిలబడిపోకండి. టీచర్ దగ్గరికొస్తే గొంతు సన్నగిల్లడం నేను చాలాసార్లు చూశాను.

చివరి 12 నిమిషాలు

అందరూ ఒకే వలయంగా. ఒక్కొక్కరు తమకి అందిన ఫారాల్లోంచి మొదటి గీత ఒకటి చదవాలి: "నేను చెప్పినదాంట్లో వీళ్ళకి గుర్తుండిపోయింది ఇది." చదవడం ఇష్టం లేనివాళ్ళు "పాస్" అంటే చాలు. తన మాట ఇంకొకరి చేతిరాతలో ఉండటం చూసి కొందరు రెండుసార్లు చదువుకుంటారు. తొందరపెట్టకండి.

ఫారాలు మీరు తీసుకోవద్దు. అవి మాట్లాడినవాళ్ళవి, ఇంటికి పట్టుకెళ్తారు. చీటీలు మాత్రం లెక్కపెట్టి కవర్లో వేయండి. పిల్లలు మార్చుకున్న చీటీలు విడిగా పెట్టి, వచ్చే శనివారానికి వాటి బదులు కొత్తవి వాళ్ళతోనే రాయించండి.