భీమిలి బస్సు

తొమ్మిదో తరగతికి వచ్చేసరికి వంశీకి బోర్డు చూడకుండా చదువుకోవడం బాగా అలవాటైపోయింది. లెక్కల సార్‌తో ఇబ్బంది లేదు. ఆయన ఏది రాసినా పైకి చదువుతూ రాస్తారు కాబట్టి చెవులతోనే ఎక్కించుకునేవాడు. సోషల్ మేడమే గండం. నోరు విప్పకుండా బోర్డు నిండా రాసేసి, చేతులు దులుపుకుని కూర్చుంటారు. ఆ పీరియడ్‌కి పక్కనున్న సత్య నోట్సే దిక్కు. సత్య 'తుంగభద్ర'ను 'తుంగబద్ర' అని రాస్తే వంశీ పుస్తకంలోనూ తుంగబద్రే పారేది. ఇద్దరికీ ఒకే తప్పుకి ఒకేసారి మార్కులు పోయేవి. కాపీ కొట్టావా అని మేడం సత్యనే నిలదీసేవారు, వాడి మార్కులు తక్కువ కాబట్టి.

సత్య రాని రోజు గుప్పిట వైద్యం. పిడికిలి బిగించి, చూపుడు వేలు మడత దగ్గర సూది దూరేంత సందు వదిలి, అందులోంచి ఒంటి కన్నుతో చూడాలి. అప్పటిదాకా అలికేసినట్టున్న అక్షరాలు ఆ సందులోంచి ఒక్కసారిగా విడివిడిగా కనిపిస్తాయి. అలా ఎందుకవుతుందో వాడికి తెలియదు, అవుతుందని మాత్రం తెలుసు. కాకపోతే ఒకసారికి రెండు మూడు మాటలే అందేవి. ఎవరైనా చూస్తే కన్ను నలుపుకుంటున్నట్టు నటించేవాడు.

చదువు సంగతి అలా నడిచిపోతోంది. మనుషులతోనే చిక్కు. ఎదురుగా వస్తున్నది ఎవరో నడకనిబట్టి, చొక్కా రంగునిబట్టి పోల్చుకునేవాడు. ఒకసారి గ్రౌండ్ అవతలి నుంచి పీఈటీ సార్ చెయ్యి ఊపితే సత్య అనుకుని "రారా ఎదవా" అని అరిచాడు. ఆ తరువాత సంగతి చెప్పుకోవడం అనవసరం.

చెప్పేస్తే పోయేదే. కానీ ఎలా చెప్తాడు?

వాళ్ల నాన్న అప్పలరాజు డాక్‌యార్డ్‌లో కాంట్రాక్టు వెల్డరు. మల్కాపురంలో రెండు గదుల ఇల్లు. పొద్దున్నే గేటు పాసు జేబులో పెట్టుకుని వెళ్లేవాడు, సాయంత్రం చేతుల మీద కొత్తగా రెండు చురకలతో వచ్చేవాడు. అదే గేటులోంచి తెల్ల యూనిఫాం వేసుకున్న కుర్రాళ్లు దర్జాగా వెళ్లడం రోజూ చూస్తాడు. "మనోడు పాసు చూపించి లోపలికెళ్లకూడదు. ఆడికే సెల్యూట్ కొట్టాలి" అనేవాడు అమ్మతో. వంశీ నాలుగో తరగతిలో ఉన్నప్పటి నుంచీ ఇదే మాట. నేవీకి చూపు బాగుండాలని, కళ్లజోడుంటే తీసుకోరని వీధిలో ఎవరో అన్నారు. వంశీకి ఆ మాట గుండెల్లో ఉండిపోయింది.

బళ్లో ఒకసారి కళ్ల పరీక్ష పెట్టారు. గోడకి చార్టు తగిలించి, అంత దూరాన గీత గీసి, ఒక్కొక్కరినీ నిలబెట్టి చదివించారు. వంశీ కావాలనే లైను చివరికి వెళ్లాడు. ముందున్నవాళ్లు చదువుతుంటే విని విని, తన వంతు వచ్చేసరికి అంతా నోటికొచ్చేసింది. "పి, ఇ, సి, ఎఫ్, డి" అని టకటకా అప్పజెప్పాడు. వాడికి అక్కడ కనిపించినవి తెల్లటి అట్ట మీద నల్లటి మరకలు.

జనవరిలో ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాలకి నాన్న వాణ్ని తీసుకెళ్లాడు. ఇసకేస్తే రాలనంత జనం. నాన్న వాడి భుజం పట్టుకుని "అదిగో, హెలికాప్టర్ నుంచి తాడు పట్టుకుని దిగుతున్నారు చూడు! ఎంతమందో లెక్కెట్టు" అన్నాడు. వంశీకి హెలికాప్టర్ చప్పుడే వినిపిస్తోంది. ఆకాశంలో ఏదో ముద్దగా కదులుతోంది. చుట్టూ జనం "ఓ..." అన్నప్పుడల్లా తనూ "ఓ" అన్నాడు. "నలుగురా?" అన్నాడు నాన్న. "నలుగురే" అన్నాడు. ఇంటికి వచ్చేటప్పుడు నాన్న దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆయన అంత సంతోషంగా మాట్లాడటం అరుదు. ఆ రోజు తర్వాత అసలు సంగతి చెప్పడం ఇంకా కష్టమైంది.

దసరా సెలవుల్లో నాన్నమ్మ భీమిలిలో ఉన్న కూతురింటికి బయల్దేరింది. ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయ్యాక ఆవిడ ఇంట్లో నిలవడం తగ్గింది. ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దాన్ని మళ్లీ చేతిసంచిలో పెట్టి, ఎక్కడికంటే అక్కడికి సిద్ధం. అక్షరం ముక్క రాదు కాబట్టి బస్సు చూసి ఎక్కించడానికి మనవణ్ని వెంటబెట్టుకుంది.

ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఎప్పటిలాగే గోల. మామూలుగా కండక్టర్లు అరిచే ఊరి పేర్లు విని వంశీ బస్సు పోల్చుకుంటాడు. ఆ రోజు వెనకాల ఎవరిదో లగేజీ గొడవ, పక్కనే ఆటోల హారన్లు. బస్సు ఒకటి వచ్చి ఆగింది.

"ఏరా, ఇది భీమిలిదేనా?"

బోర్డు మీద వెలుగుతున్న చుక్కలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. గుప్పిట పెట్టి చూద్దామంటే నాన్నమ్మ వాడి మొహంలోకే చూస్తోంది.

"ఇదే, ఎక్కు ఎక్కు."

ఎక్కించి, సంచి అందించి, చెయ్యి ఊపి ఇంటికొచ్చేశాడు.

మధ్యాహ్నం మూడింటికి భీమిలి నుంచి అత్త ఫోను. అమ్మ ఇంకా రాలేదేంటని. నాలుగింటికి మళ్లీ. నాన్నమ్మ ఫోను ఇంట్లో టీవీ మీదే ఉంది. నాన్న పని మధ్యలో వచ్చేసి బండేసుకుని కాంప్లెక్స్‌కి పరిగెత్తాడు. అమ్మ ఏడుపు లంకించుకుంది. వంశీ గుమ్మంలో నిలబడి వీధి చివరికి చూస్తున్నాడు, చూసినా తెలియదని తెలిసే. ఏడు గంటలకి ఓ నీలంరంగు చీర దగ్గరపడింది. మొహంలో ముక్కుపుడక తేలాక గానీ నాన్నమ్మ అని తెలియలేదు.

"ఏటే అత్తా, ఎక్కడికెళ్లిపోనావు?" అంది అమ్మ.

"సింహాచలం." నాన్నమ్మ సంచిలోంచి ప్రసాదం పొట్లం తీసింది. "బస్సెక్కి భీమిలి అన్నాను. ఇది సింహాచలం బస్సమ్మా, దిగిపో అన్నాడు కండక్టరు. అప్పన్నే పిలుస్తుంటే దిగడం ఏటి? ఉండిపోనాను. దర్శనం బాగా అయ్యింది."

అప్పుడే వచ్చిన అప్పలరాజు హెల్మెట్ తీయకుండానే కొడుకు వైపు తిరిగాడు. "చదువుకుంటున్నావు కదరా! బోర్డు చూసి ఎక్కించడం రాదా?"

వంశీ తల వంచుకున్నాడు.

"ఆణ్నేటి అనకు" అంది నాన్నమ్మ, పొట్లం విప్పుతూ. "ఆడికి కళ్లు కనబడవు."

ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

"శుక్లాలొచ్చి రెండేళ్లు మీకు తెలీకుండా నెట్టుకొచ్చిందాన్ని. బియ్యంలో రాళ్లు ఏరమంటే పొయ్యి దగ్గర పనుందనేదాన్ని. ఎవరొచ్చినా ముందు మాట వినేదాన్ని, ఆ తరవాతే పేరెట్టి పిలిచేదాన్ని. ఆపరేషన్ చేసి శుక్లం తీసేశాక చూస్తే, ఈడూ అవే వేషాలు. మెడ ముందుకు చాపుతాడు, కళ్లు చికిలిస్తాడు, పలకరిస్తే గానీ పలకడు. ఇయ్యాల బస్సు కాడ రూఢీ అయిపోనాది. నాకు అక్షరాలు రావు, ఈడికి కనబడవు. మంచి జత."

"ఎన్నాళ్ల నుంచిరా?" అన్నాడు నాన్న.

"ఏడో తరగతి."

"మరి బీచ్‌లో... నలుగురన్నావు?"

వంశీ దానికి జవాబు చెప్పలేదు. నాన్న మళ్లీ అడగలేదు. ప్రసాదం తిని చెయ్యి కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. ఆ మౌనం కన్నా రెండు దెబ్బలు నయమనిపించింది వాడికి.

మర్నాడు కంటి ఆసుపత్రిలో చీకటి గదిలో కూర్చోబెట్టి ఒక అమ్మాయి "ఎదురుగా చదువు" అంది. అలవాటు కొద్దీ వంశీ నోట్లోంచి "పి, ఇ, సి, ఎఫ్, డి" వచ్చేసింది. ఆ అమ్మాయి నవ్వింది. "అక్కడున్నవి తెలుగు అక్షరాలు బాబూ."

ముక్కు మీద ఇనుప ఫ్రేము బరువుగా కూర్చుంది. అందులో ఒక్కో అద్దం టక్కున వేస్తూ, తీస్తూ "ఇది బాగుందా, ఇది బాగుందా?" అని అడుగుతోంది. ఒకచోట 'ర' పక్కన 'ఠ' విడిపోయి, మధ్యలో చుక్కతో సహా నిలబడింది. వాడికి ఏడుపొచ్చినంత పనైంది. కుడి కన్ను మైనస్ 2.75, ఎడమది మైనస్ 3.

డాక్టరుగారు కాగితం మీద కోడిగుడ్డంత బొమ్మ గీసి చూపించారు. కంటిగుడ్డు కాస్త పొడవుగా పెరిగింది, అందువల్ల దూరంలో ఉన్నవాటి రూపం వెనకున్న రెటీనా మీద కాక దాని ముందే పడుతోంది, ఈ అద్దం దాన్ని సరిగ్గా రెటీనా మీదికి జరుపుతుంది. అంతే. 

"జోడు పెట్టుకుంటే సైట్ ఇంకా పెరుగుతుందంటారు కదండీ?" అన్నాడు నాన్న.

"ఎదిగే పిల్లాడు, పెడితే పెరగడం, మానితే తగ్గడం ఉండదు. ఏడాదికోసారి చూపించండి. రోజూ కాసేపు ఎండలో ఆడుకోనివ్వండి, ఫోను తగ్గించండి."

నాన్న కాసేపు ఆగి, "నేవీకి..." అన్నాడు.

"ఒక్కో ఉద్యోగానికి ఒక్కో రూలు ఉంటుంది. నోటిఫికేషన్ వచ్చినప్పుడు చూసుకోవాలి. ముందు వాణ్ని బోర్డు చూసి టెన్త్ చదవనివ్వండి."

బండి మీద జగదాంబ వచ్చేదాకా నాన్న మాట్లాడలేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం, వెనక్కి తిరక్కుండా, "ముందే చెప్పొచ్చు కదరా. నేవీ ఏటి, నేనేటి... నీ కళ్లు కదరా" అన్నాడు. ఆ తరువాత గ్రీన్ పడింది.

మూడు రోజులకి జోడు తయారైంది. కుర్రాడు చెవుల వెనక కాడలు వంచి సరిచేసి అద్దం ముందు పెట్టాడు. వంశీకి ముందు తన మొహం నచ్చలేదు. సోమవారం బళ్లో 'సోడాబుడ్డి' అనడం ఖాయం. లేచి నాలుగడుగులు వేస్తే నేల పల్లంగా ఉన్నట్టనిపించింది. గుమ్మం దగ్గర కాలు ఒకటికి రెండుసార్లు తడిమి పెట్టాడు. రోడ్డు అవతల మూడో అంతస్తులో కోచింగ్ సెంటర్ బోర్డు, దాని మీద ఫోన్ నంబరు. పది అంకెలూ చదివాడు. దారిన పోయే బస్సు నంబరు చదివాడు, దాని కిటికీలో మూతి ముడుచుకున్న ముసలాయన్నీ చూశాడు. అంత దూరం నుంచి మనుషుల మొహాల్లో కోపం, నవ్వు కూడా తెలుస్తాయని వాడికి ఇన్నాళ్లూ గుర్తే లేదు. 

నాన్న ఎలా ఉన్నాడో చూద్దామని లోపలికి తిరిగాడు. అప్పలరాజు కౌంటర్ దగ్గర బిల్లు పట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి బారుగా చాపాడు. తల వెనక్కి లాగాడు. కళ్లు చికిలించి, చెయ్యి ఇంకాస్త చాపాడు.

వంశీ దగ్గరికి వెళ్లాడు. "నాన్నా, అంత దూరం పెట్టి చూస్తున్నావేటి?"

"ఇక్కడ లైటింగ్ సరిగ్గా లేదురా."

షాపు కప్పు నిండా ఎల్‌ఈడీ లైట్లే. కౌంటర్ కుర్రాడు నవ్వు ఆపుకుంటూ, స్టూలు ముందుకి లాగి, "మీరూ ఒకసారి కూర్చోండి సార్" అన్నాడు.

"నాకెందుకు? నాకు బాగానే కనబడతాది" అన్నాడు అప్పలరాజు.

వంశీ అప్పటికే నాన్నమ్మకి ఫోను కలిపాడు.