నాలుగు ఆర్యసత్యాలు, అష్టాంగ మార్గం: రేపటి పరీక్షకి రివిజన్ నోట్స్

చిన్నా, నిన్న నువ్వు అప్పజెప్పినప్పుడే నాకర్థమైంది, నాలుగు వేరు ఎనిమిది వేరు అనుకుని రెండు లిస్టులు బట్టీ పడుతున్నావ్. అందుకే కూర్చుని ఇది రాస్తున్నా, పడుకునే ముందు ఒకసారి, పొద్దున్నే ఒకసారి చదువు చాలు. ముందు ఒక్కటి బుర్రలో పెట్టుకో. ఆ ఎనిమిదీ నాలుగోదాని లోపలే ఉన్నాయి. నాలుగో సత్యం పేరే మార్గం, ఆ మార్గానికి ఉన్న ఎనిమిది అంగాలే అష్టాంగ మార్గం. ఇది పట్టుకుంటే సగం లెసన్ వచ్చేసినట్టే.

బుద్ధుడు ఎక్కడ, ఎవరికి చెప్పాడు

ఒక మార్కు ప్రశ్న ఇక్కడి నుంచే వస్తుంది. జ్ఞానోదయం బోధ్‌గయలో, మొదటి ఉపదేశం మాత్రం సారనాథ్‌లో, ఈ రెండూ తారుమారు చెయ్యకు. సారనాథ్‌లో జింకల వనం, దాన్నే మృగదావం అంటారు, వారణాసి దగ్గర. విన్నది ఐదుగురు, అంతకుముందు సిద్ధార్థుడితో కలిసి కఠోర తపస్సు చేసి, అతను అన్నం తినడం మొదలెట్టగానే ఇతను దారి తప్పాడని వదిలేసి వెళ్ళిపోయినవాళ్ళు. వాళ్ళలో ముందుగా అర్థం చేసుకున్నది కౌండిన్యుడు. ఈ ఉపదేశాన్నే ధర్మచక్ర ప్రవర్తనం అంటారు, అంటే ధర్మమనే చక్రాన్ని తిప్పడం. ధర్మచక్రానికి మామూలుగా ఎనిమిది ఆకులు వేస్తారు, అవే అష్టాంగ మార్గానికి గుర్తు. మన జెండా మీద అశోక చక్రానికి 24 ఆకులు, ఈ రెండూ కలిపెయ్యకు.

ఆ రోజు నాలుగు సత్యాల కంటే ముందు చెప్పింది మధ్యమ మార్గం. ఒక చివర భోగాల్లో మునిగిపోవడం, ఇంకో చివర ఒంటిని మాడ్చుకోవడం, రెండూ వద్దు. రాజభవనంలో మొదటిది, అడవిలో రెండోది స్వయంగా చూసి వచ్చి చెప్తున్నాడు కాబట్టి ఆ మాటకి బరువుంది. ఆన్సర్‌లో "అష్టాంగ మార్గాన్నే మధ్యమ మార్గం అంటారు" అని ఒక లైన్ తప్పకుండా రాయి.

నాలుగు సత్యాలు

పేర్లు ఇవి: దుఃఖం, దుఃఖ సముదయం, దుఃఖ నిరోధం, దుఃఖ నిరోధ మార్గం. గుర్తు పెట్టుకోడానికి డాక్టర్ దగ్గరికి వెళ్ళినట్టు ఊహించుకో. జబ్బు ఉంది, దానికి కారణం ఇది, ఇది తగ్గుతుంది, తగ్గడానికి మందు ఇది. వరస అస్సలు తప్పదు ఎందుకంటే జబ్బేంటో తెలియకుండా ఎవరూ మందు రాయరు కదా.

మొదటిది దుఃఖం. దీన్ని ఏడుపు అనుకుంటే చాలా చిన్నదైపోతుంది. పుట్టుక, ముసలితనం, రోగం, చావు, ఇష్టంలేని వాళ్ళతో ఉండాల్సి రావడం, ఇష్టమైనవాళ్ళు దూరమవడం, కోరుకున్నది దొరక్కపోవడం, ఇవన్నీ దుఃఖమే. చివర్న ఇంకో మాట ఉంది, మనిషి అంటే ఏవి కలిసి ఉన్నాయో ఆ ఐదు స్కంధాలని "నేను, నాది" అని పట్టుకుని వేలాడటం కూడా దుఃఖమే. ఆ ఐదు రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారం, విజ్ఞానం. ఎక్కువ మార్కుల ప్రశ్న అయితే వీటి పేర్లు రాయి, రెండు మార్కులకి అక్కర్లేదు.

సుఖంగా ఉన్నప్పుడు దుఃఖం ఎక్కడుంది అని నన్నడిగావు కదా, మంచి ప్రశ్న అది. సెలవుల ఆఖరి రోజు సాయంత్రం గుర్తు తెచ్చుకో, ఆడుతూనే ఉంటావ్, ఎవరూ ఏమీ అనలేదు, అయినా లోపల ఏదో బరువు, రేపు స్కూల్ అని. ఆట మారలేదు, అయిపోతుందన్న సంగతి వచ్చి పక్కన కూర్చుంది అంతే. ఏదీ నిలవదు, దాన్నే అనిత్యం అంటారు, ఆ పదం ఆన్సర్‌లో పడాలి. కిసాగోతమి కథ కూడా ఇక్కడే వాడుకో. బిడ్డ చనిపోతే ఎత్తుకుని బుద్ధుడి దగ్గరికొచ్చి బతికించమంది. ఎవరూ చనిపోని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మన్నాడు. ఆవాలు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి, చావు చూడని ఇల్లు ఒక్కటీ లేదు. నాకు ఈ కథలో నచ్చేది ఏంటంటే ఆయన ఆమెకి ఉపన్యాసం ఇవ్వలేదు, గడప గడపకీ తిరిగి తనే తెలుసుకునేలా చేశాడు.

రెండోది సముదయం, అంటే దుఃఖం ఎందుకు పుడుతోంది అని. జవాబు తృష్ణ. అందరూ ఇక్కడ "కోరికలే దుఃఖానికి మూలం" అని రాస్తారు, పుస్తకాల్లో కూడా అలాగే ఉంటుంది, తప్పని కొట్టెయ్యరు. కానీ తృష్ణ అంటే దాహం, కాబట్టి నువ్వు "తృష్ణ, అంటే తీరని దాహం లాంటి కోరిక" అని రాయి. దాహమైతే నీళ్ళు తాగడం వేరు, ఎంత తాగినా ఇంకా ఇంకా అనిపించడం వేరు. బాగా చదవాలి అనుకోవడం తృష్ణ కాదు. ఫస్ట్ రాకపోతే నేను ఎందుకూ పనికిరాను అని దాన్నే పట్టుకుని కుమిలిపోవడం, అది తృష్ణ. ఇందులో మూడు రకాలు: కామ తృష్ణ అంటే ఇంద్రియ సుఖాల కోసం, భవ తృష్ణ అంటే ఇలా ఉండాలి, ఇలా అవ్వాలి అని, విభవ తృష్ణ అంటే ఇది ఉండకూడదు, లేకుండా పోవాలి అని. దీనికి మూలం అవిద్య, అంటే విషయం ఉన్నదున్నట్టు తెలియకపోవడం.

మూడోది నిరోధం, చిన్నదే. కారణం పోతే ఫలితం పోతుంది, తృష్ణ ఆరిపోతే దుఃఖం ఆగుతుంది, ఆ స్థితి నిర్వాణం. నిర్వాణం అంటే ఆరిపోవడం, ఆరేది మనిషి కాదు, రాగం ద్వేషం మోహం అనే మూడు మంటలు. నిర్వాణం అంటే చావు అని మాత్రం రాయకు, బుద్ధుడు 35 ఏళ్ళ వయసులోనే నిర్వాణం పొంది తర్వాత 45 ఏళ్ళు బోధిస్తూ తిరిగాడు. చివర్లో కుశీనగర్‌లో ఆయన కన్నుమూయడాన్ని మహాపరినిర్వాణం అంటారు.

నాలుగోది మార్గం, అదే కింద రాస్తున్నా. దానికి ముందు ఒక పాయింట్, ఇది రాసేవాళ్ళు తక్కువ కాబట్టి నీ పేపర్ వేరేగా కనిపిస్తుంది. ఒక్కో సత్యంతో ఒక్కో పని ఉంది: దుఃఖాన్ని అర్థం చేసుకోవాలి, తృష్ణని వదలాలి, నిరోధాన్ని అనుభవంలోకి తెచ్చుకోవాలి, మార్గాన్ని సాధన చెయ్యాలి. నమ్మి ఊరుకోడానికి కాదు, చెయ్యడానికి చెప్పినవి ఇవి.

అష్టాంగ మార్గం

ముందు తెలుగులో పాటలా అనుకో: చూపు, తలపు, మాట, పని, బతుకుతెరువు, పూనిక, ఎరుక, నిలకడ. పదిసార్లు అంటే నోటికి వచ్చేస్తుంది. ఇప్పుడు పరీక్షలో రాయాల్సిన పేర్లు అదే వరసలో: సమ్యక్ దృష్టి, సమ్యక్ సంకల్పం, సమ్యక్ వాక్కు, సమ్యక్ కర్మ, సమ్యక్ జీవనం, సమ్యక్ వ్యాయామం, సమ్యక్ స్మృతి, సమ్యక్ సమాధి. సమ్యక్ అంటే సరైన, చక్కని.

వీటిని మూడు గుంపులు చేస్తారు. మొదటి రెండూ ప్రజ్ఞ, మధ్యలో మూడూ శీలం, చివరి మూడూ సమాధి. రెండు, మూడు, మూడు. ఎనిమిదో అంగం పేరూ గుంపు పేరూ రెండూ సమాధే, అక్కడ కంగారు పడకు.

దృష్టి అంటే నాలుగు సత్యాలని ఉన్నదున్నట్టు చూడటం. చూశావా, నాలుగోదాంట్లో మొదటి అంగం మళ్ళీ ఆ నాలుగే, గుండ్రంగా తిరిగి వచ్చింది. సంకల్పం అంటే భోగాల మీద ఆశ వదులుకోవాలని, ఎవరిమీదా పగ వద్దని, ఎవరినీ హింసించకూడదని గట్టిగా అనుకోవడం.

వాక్కులో నాలుగు మానాలి: అబద్ధం, చాడీలు, పరుషమైన మాట, పనికిరాని కబుర్లు. చాలామంది అబద్ధం ఒక్కటే రాసి వదిలేస్తారు. నిజమే చెప్తున్నాం కదా అని ఇద్దరి మధ్య గొడవ పెడితే అదీ సమ్యక్ వాక్కు కాదు. కర్మ అంటే చంపడం, దొంగతనం, వ్యభిచారం, ఈ మూడూ చెయ్యకపోవడం. జీవనం అంటే ఇతరులకి హాని చెయ్యని వృత్తి. బౌద్ధ గ్రంథాల్లో ఐదు వ్యాపారాలు వద్దన్నారు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం.

వ్యాయామం అనగానే ఎక్సర్‌సైజ్ అని రాసినవాళ్ళు ఉన్నారు, నవ్వొద్దు, పదం అలా ఉంది మరి. ఇక్కడ అర్థం ప్రయత్నం, మనసు విషయంలో నాలుగు రకాల ప్రయత్నం. చెడు ఆలోచన రాకుండా చూసుకోవడం, వచ్చింది వదిలించుకోవడం, మంచి ఆలోచన పుట్టించుకోవడం, పుట్టింది నిలుపుకోవడం. ఇక్కడ సోణుడి కథ రాస్తే బాగుంటుంది. సోణుడు అనే భిక్షువు పాదాలు రక్తం కారేదాకా నడుస్తూ సాధన చేసి, ఏమీ కలగట్లేదని ఇంటికి పోదామనుకున్నాడు. అతనికి అంతకుముందు వీణ వాయించడం వచ్చు. బుద్ధుడు అడిగాడు, తీగ మరీ బిగిస్తే పలుకుతుందా, పలకదు, మరీ వదులైతే పలుకుతుందా, పలకదు, సరిగ్గా శృతి చేస్తే, పలుకుతుంది. ప్రయత్నమూ అంతే అన్నాడు. మధ్యమ మార్గం అంటే ఏంటో నాకు ఈ వీణ తీగ దగ్గరే అర్థమైంది.

స్మృతి అంటే జ్ఞాపకశక్తి అని రాయకు, ఎరుకతో ఉండటం. శరీరం, వేదనలు అంటే అనుభూతులు, చిత్తం, ధర్మాలు అంటే మనసులో మెదిలే విషయాలు, ఈ నాలుగింటినీ గమనిస్తూ ఉండటం. ఇప్పుడు ఇది చదువుతూ చదువుతూ నీ మనసు రేపటి మ్యాచ్ మీదకి పోయిందనుకో, "అరె, పోయింది" అని నీకు తట్టిన ఆ క్షణం చూడు, అది స్మృతి. సమాధి అంటే మనసు ఒక్కచోట కుదురుకోవడం, ధ్యానంలో నాలుగు దశలు దీని కిందకొస్తాయి.

ఇవి మెట్లు కావు. ఒకటి పూర్తిచేసి రెండోదానికి పోవడం కాదు, ఎనిమిదీ కలిసే నడుస్తాయి, చక్రంలో ఆకుల్లాగా, ఒకటి విరిగితే బండి సాగదు.

కలిపేసే చోట్లు

నేను స్కూల్లో ఉన్నప్పుడు ఇక్కడే రెండు మార్కులు పోగొట్టుకున్నా. త్రిరత్నాలు అడిగితే బౌద్ధానికి జైనానివి రాసేశా, రెండింట్లోనూ సమ్యక్ అని వస్తుంది కదా. జైన త్రిరత్నాలు సమ్యక్ దర్శనం, సమ్యక్ జ్ఞానం, సమ్యక్ చారిత్రం. బౌద్ధ త్రిరత్నాలు బుద్ధుడు, ధర్మం, సంఘం. ఇంకోటి పంచశీల: చంపకపోవడం, దొంగతనం చెయ్యకపోవడం, వ్యభిచరించకపోవడం, అబద్ధమాడకపోవడం, మత్తు తీసుకోకపోవడం. ఇవి వాక్కు, కర్మ దగ్గర అష్టాంగ మార్గాన్ని తాకుతాయి కానీ రెండూ ఒకటి కాదు.

"బౌద్ధం నిరాశావాదమా" అని అడిగితే భయపడకు, డాక్టర్ పోలికతోనే రాయి. జబ్బుందని చెప్పినంత మాత్రాన డాక్టర్ నిరాశావాది అయిపోడు, తగ్గుతుందని మూడో సత్యంలో, ఎలాగో నాలుగో సత్యంలో చెప్పాడు కదా, ఆ రెండూ ఎత్తి చూపించు. ఆరు లైన్లు చాలు, మిగతా టైమ్ మ్యాప్ పాయింటింగ్‌కి ఉంచుకో, బుద్ధుడు పుట్టిన లుంబిని నేపాల్‌లో పెట్టడం మర్చిపోకు.